నిశ్చితార్థం ఫోటో కింద నల్ల బొటనవేలు: తప్పు నాదా, ఫోనుదా?

కొండారెడ్డి_బురుజు
మొన్న ఆదివారం కర్నూలులో మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం జరిగింది. సాయంత్రం రెండు కుటుంబాలూ ఉన్న వాట్సాప్ గ్రూపులో జంట ఫోటో పెట్టారు. నేను కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా కింద బొటనవేలు నొక్కి పడుకున్నాను. తెల్లవారేసరికి గొడవ. నేను పెట్టింది పసుపు 👍 కాదట, ముదురు నలుపు 👍🏿 అట. పెళ్లికొడుకు కొంచెం నలుపు, బంగారం లాంటి పిల్లవాడు. అతని మేనత్త మా చెల్లెలికి ఫోన్ చేసి "మీ అన్న మా అబ్బాయి రంగుకు వేలు చూపిస్తున్నాడా" అని అడిగిందట.

నేను ఆ రంగును ఎంచుకోలేదు. అసలు అలాంటి రంగులు ఉన్నాయనే నాకు తెలియదు. మా మనవడు రోజూ నా ఫోనుతో ఆడుతుంటాడు, అనుమానమల్లా వాడి మీదే. ఇది ఎలా జరుగుతుంది? పసుపు మళ్లీ ఎలా వస్తుంది? ఇంకో వింత, మా బావమరిది పాత ఫోనులో నల్ల వేలు కనిపించడం లేదు. పసుపు వేలు, దాని పక్కన ముదురు గోధుమ రంగు గడి కనిపిస్తున్నాయి. అదేమిటో కూడా చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
పెళ్లికి ముందే మేనత్తతో వైరం! విడిది ఇంట్లో కాఫీ మీకు చివరన వస్తుంది, మానసికంగా సిద్ధపడండి.

ఒంటిమిట్ట_మాస్టారు
ఫోటోలో రంగు తేడా రావడం సహజమే. హాలులో ఆ నీలం, ఊదా లైట్ల వల్ల మనుషులు ఉన్నదానికంటే నల్లగా పడతారు. ఫోటోగ్రాఫరుతో చెప్పి వెలుతురు సరిచేయించండి.

ఉగ్గాని_బజ్జి
మాస్టారూ, నల్లగా పడింది పెళ్లికొడుకు కాదు, ఈయన బొటనవేలు.

పెన్నా_ఒడ్డు
ప్రొద్దుటూరులో నాకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, రోజూ చూసే సంగతే. కీబోర్డులో 👍 మీద వేలు అలాగే నొక్కి ఉంచండి, పైన ఆరు వేళ్ల వరస తెరుచుకుంటుంది. మొదటిది పసుపు, దాన్ని తాకండి. అంతే. మీ మనవడు ఎప్పుడో చివరిదాన్ని తాకి ఉంటాడు. కీబోర్డు దాన్ని గుర్తుపెట్టుకుని ప్రతిసారీ అదే ఇస్తుంది.

ఇక అవి ఆరు వేర్వేరు బొమ్మలు. మీరు పంపితే ఆ బొమ్మ అవతలి ఫోనుకు వెళుతుంది. పాత ఫోనుకు బొమ్మ సరిగ్గా అందక విరిగిపోయి ఉంటుంది.

టవర్‌క్లాక్_సాయంత్రం
పెన్నా గారు చెప్పిన మొదటి పేరా అక్షరాలా నిజం. రెండోది సగమే నిజం. ఫోనులోని ఫాంటులో ఆరు బొమ్మలు విడివిడిగా ఉన్న మాట వాస్తవమే, కానీ వాటిలో ఏదీ ప్రయాణం చేయదు. ప్రయాణం చేసేవి సంఖ్యలు. పసుపు వేలికి ఒక సంఖ్య, నల్ల వేలికి రెండు.

```
👍    U+1F44D
👍🏿   U+1F44D U+1F3FF
```

రెండో వరసలో మొదటి సంఖ్య అదే పాత బొటనవేలు. దాని వెనక చేరినది రంగు గుర్తు. మనకు ఇది కొత్త కాదు, బడిలో నేర్చుకున్న గుణింతమే. 'కి' అని రాస్తే కంప్యూటర్ లోపల 'క' ఒకటి, గుడి ఒకటి, మొత్తం రెండు సంఖ్యలు ఉంటాయి. ఫాంటు ఆ రెంటినీ కలిపి ఒకే అక్షరంగా గీస్తుంది.

```
కి    U+0C15 U+0C3F
```

బొటనవేలు 'క' అనుకోండి, రంగు గుర్తు గుడి. ఇలాంటి రంగు గుర్తులు ఐదే ఉన్నాయి, 1F3FB నుంచి 1F3FF వరకు, లేత నుంచి ముదురుకు. అక్షరాలకూ ఎమోజీలకూ ఈ సంఖ్యలు కేటాయించే ప్రమాణం పేరు యూనికోడ్, 2015లో దాని 8.0 కూర్పుతో ఇవి వచ్చాయి. మీ బావమరిది ఫోను వాటికంటే ముందుది, లేదా అందులోని ఫాంటు పాతది అయి ఉండాలి. రెండు సంఖ్యలూ దానికి చక్కగానే అందాయి. కలిపి గీయడం దానికి తెలియదు, అందుకే విడివిడిగా గీసింది. ఆ గోధుమ రంగు గడి విరిగిన బొమ్మ కాదు, రంగు గుర్తు ఒంటరిగా నిలబడితే అలాగే కనిపించాలని నియమం. తెలుగు సరిగ్గా రాని పాత ఫోన్లలో గుడి అక్షరం మీద కూర్చోకుండా చుక్కల సున్నా మీద విడిగా కనిపించేది, గుర్తుందా? ఇదీ అంతే.

పెన్నా_ఒడ్డు
అయితే బొమ్మ గీసేది అవతలి ఫోనేనన్నమాట. ఒకే వేలు ఒక ఫోనులో లావుగా, ఇంకోదాంట్లో సన్నగా ఎందుకు కనిపిస్తుందో ఇన్నేళ్లకు తెలిసింది. దుకాణంలో ఇంతకాలం తప్పే చెప్పాను.

కొండారెడ్డి_బురుజు
గుణింతం అన్నారు కాబట్టి అర్థమైంది. పసుపు పెట్టుకున్నాను. కానీ నవ్వు ముఖం మీద నొక్కి పట్టుకుంటే రంగులు రావడం లేదు. ఇంకా ఏదైనా చెడగొట్టానా?

టవర్‌క్లాక్_సాయంత్రం
లేదు. ఏ ఎమోజీలు రంగు గుర్తు తీసుకోవచ్చో యూనికోడ్ ఒక పట్టిక పెట్టింది. చేతులు, వేళ్లు, పసిపిల్లలు, మనుషుల బొమ్మలు అందులో ఉంటాయి. గుండ్రటి నవ్వు ముఖాలు లేవు, వాటిని మనిషి చర్మంగా లెక్కవేయలేదు. బలవంతాన 🙂 వెనక రంగు గుర్తు అతికించినా అది ముఖానికి పూత కాదు. ముఖం పసుపుగానే ఉండి పక్కన గడి వస్తుంది, కొత్త ఫోనులో కూడా. మధ్యలో ఒక ఖాళీ పడినా ఇదే కథ. గుర్తు తన ముందున్నదానికి ఆనుకుని ఉండాలి.

అంటే గడి కనిపించిందంటే కారణాలు రెండు: చూసే ఫోను పాతదైనా కావాలి, పంపిన వరుస అయినా తప్పై ఉండాలి. ఒక్కరికే గడి కనిపిస్తే ఫోను పాతది. గ్రూపులో అందరికీ కనిపిస్తే పంపినదాంట్లోనే తేడా ఉంది.

దువ్వూరు_సిస్టర్
నేను కడపలో చర్మవ్యాధుల క్లినిక్‌లో నర్సును. ఆ ఐదు రంగులూ ఎవరో కళాకారుడు కూర్చుని కలిపినవి కావు. యూనికోడ్ వాటికి పెట్టిన పేర్లలోనే ఫిట్జ్‌పాట్రిక్ అని ఉంటుంది. ఆయన అమెరికా చర్మవైద్యుడు. 1975లో ఈ కొలమానం తయారుచేశారు, అదీ చర్మానికి అతినీలలోహిత కాంతి చికిత్స ఎంత మోతాదులో ఇవ్వాలో తేల్చుకోవడానికి. మొదట తెల్లవాళ్ల చర్మానికే నాలుగు రకాలు రాశారు. గోధుమ, నలుపు చర్మాలకు ఐదు, ఆరు తరువాత చేర్చారు.

ఇందులో అడిగేది 'మీరెంత తెలుపు' అని కాదు. ఎండలో నిలబడితే మీ చర్మం కాలుతుందా, నల్లబడుతుందా అన్నది ప్రశ్న. ఒకటో రకం ఎప్పుడూ కాలుతుంది, నల్లబడదు. ఆరో రకం దాదాపు కాలదు. మా దగ్గర లేజర్ పెట్టేముందు ఇప్పటికీ ఈ రకం రాసుకుంటాం. ముదురు చర్మానికి లేత చర్మపు మోతాదు ఇస్తే మచ్చలు పడతాయి.

ఉగ్గాని_బజ్జి
రకాలు ఆరు అంటున్నారు, రంగులేమో ఐదేనట. ఒకటి ఎవరు నొక్కేశారు?

దువ్వూరు_సిస్టర్
ఒకటీ రెండూ కలిపేశారు. రెండూ బాగా లేత రంగులే, అంత చిన్న బొమ్మలో తేడా తెలియదు. పేరు కూడా 1-2 అనే ఉంటుంది.

మన జిల్లాల వాళ్లలో క్లినిక్‌కు వచ్చేవారు ఎక్కువగా నాలుగు, ఐదు. కానీ "మీది ఐదో రకం" అంటే ముఖం మాడ్చుకుంటారు, మార్కులు తగ్గించినట్లు. ఒక తల్లి అయితే కూతురి చీటీలో నాలుగు అని దిద్దమని బతిమాలింది. సంబంధాలు చూస్తున్నారట.

గాజుల_చెయ్యి
ఆ తల్లిని నేను చూడకపోయినా ఎరుగుదును. మాది ఆదోని. పుట్టినప్పటి నుంచి 'నల్లపిల్ల' అన్న మాటే నాకు ఇంటిపేరు. చదువైంది, ఉద్యోగం వచ్చింది, పెళ్లైంది, ఆ మాట మాత్రం పోలేదు. నేను నమస్కారం పెట్టినా చప్పట్లు కొట్టినా 🙏🏾 👏🏾 ఇవే వాడతాను, కావాలనే. నా చెయ్యి ఆ రంగులో ఉంది కాబట్టి. మొదట్లో మా ఆడపడుచు "వదినా, పొరపాటున వచ్చిందా, మార్చుకో" అని సలహా ఇచ్చింది. ఇక్కడ కూడా అందరూ పసుపుకు ఎలా మారాలి అనే మాట్లాడుతున్నారు. నల్ల వేలు అంటేనే ఏదో తప్పు జరిగిపోయినట్లు.

బురుజు అన్నా, మీ మీద కోపం కాదు. కానీ ఆ మేనత్తకు వేలు రంగు ఎందుకు గుచ్చుకుందో ఆలోచించండి.

కొండారెడ్డి_బురుజు
అమ్మా, నిజమే. పొద్దున్నుంచి ఆలోచిస్తున్నది అదే. అదే లేత గులాబీ రంగు వేలు పోయి ఉంటే ఎవరూ ఫోన్ చేసేవారు కాదు.

పెన్నా_ఒడ్డు
అక్కా, మీ చేతికి మీ రంగు, సరే. కానీ అందరూ పసుపే పెట్టుకుంటే ఈ తలనొప్పే ఉండదు కదా. పసుపు ఎవరి రంగూ కాదు.

టవర్‌క్లాక్_సాయంత్రం
యూనికోడ్ ఉద్దేశం కూడా అదే. రంగు గుర్తు లేనప్పుడు నిజమైన మనిషి చర్మంలా కనిపించని రంగు వాడమని ఫోన్లు చేసేవాళ్లకు సూచించింది. పసుపు కావచ్చు, నీలం, బూడిద రంగు అయినా కావచ్చు. అంటే 'రంగు సంగతి ఇక్కడ ఎత్తడం లేదు' అని చెప్పడానికి పసుపు.

కానీ అందరూ పసుపే వాడాలన్న మాటతో ఏకీభవించను. 2015కు ముందు కొన్ని ఫోన్లలో చేతులూ మనుషులూ తెల్ల చర్మంతోనే ఉండేవారు. అమెరికాలో కాట్రీనా పారట్ అనే ఆవిడ, తనలాంటి బొమ్మ పంపలేకపోతున్నానని కూతురు చెబితే, 2013లోనే రంగురంగుల ఎమోజీలు సొంతంగా తయారుచేయించి అమ్మకానికి పెట్టింది. ఈ గుర్తులు ఎందుకు అవసరమయ్యాయో అక్కడ ఉంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ట్విట్టర్ ఖాతాలు పరిశీలించి రాశారు: రంగు గుర్తు వాడేవారిలో ఎక్కువమంది తమ చర్మానికి దగ్గరగా ఉన్నదే ఎంచుకుంటున్నారు, ముదురు చర్మం వాళ్లు ఇంకా ఎక్కువగా వాడుతున్నారు. గాజుల_చెయ్యి గారు చేస్తున్నదీ అదే.

ఒంటిమిట్ట_మాస్టారు
ఇప్పుడు విషయం తెలిసింది, క్షమించాలి. ఒక సందేహం. నేను చామనచాయ మనిషిని. గాజుల_చెయ్యి గారికి జవాబు రాస్తూ మర్యాదకని ఆవిడ వాడిన రంగులోనే నమస్కారం పెట్టవచ్చా?

గాజుల_చెయ్యి
వద్దు మాస్టారూ. చెయ్యి మీది, నాది కాదు. మీరు నా రంగు పూసుకుని నమస్కారం పెడితే నాకు మర్యాదగా అనిపించదు, వేషం కట్టినట్లుంటుంది. పసుపు పెట్టండి, లేదా మీ రంగే పెట్టండి.

టవర్‌క్లాక్_సాయంత్రం
నేనూ ఇదే లెక్క పాటిస్తాను. వేలు, చప్పట్లు, నమస్కారం పంపేవారి ఒంటి భాగాలు, కాబట్టి వాటి రంగు పంపేవారిదే. రైతు, పెళ్లికూతురు, పాపాయి లాంటి బొమ్మలు ఎదుటివారి గురించి. అక్కడ వాళ్లు తమకు తాము వాడుకున్న రంగు మనకు తెలిస్తే సరే, తెలియకపోతే పసుపు. ఎవరి రంగునో మనం ఊహించి పెట్టడం మంచిది కాదు. నవ్వించడానికి ముదురు రంగు పెట్టడం అసలే వద్దు.

ఉగ్గాని_బజ్జి
లెక్క బాగుంది, మేనత్త దగ్గర మాత్రం తప్పింది. బురుజు గారి వేలు బురుజు గారిదే అయినా ఆవిడ దాన్ని పెళ్లికొడుకుకు తగిలించింది.

టవర్‌క్లాక్_సాయంత్రం
తప్పింది, ఒప్పుకుంటున్నాను. ఆయన మామూలుగా పసుపు వాడే మనిషి, ఒక్కసారి, ఆ ఫోటో కిందే నలుపు పడింది. రంగు కంటే ఆ మార్పే ఆవిడకు కనిపించి ఉంటుంది.

చెవితో_చదువు
నేను చూపు లేనివాడిని, ఫోను చదివి వినిపిస్తే వింటాను. నా కష్టం వేరు. రంగు గుర్తు ఉంటే ఫోను బొమ్మ పేరు చెప్పి, దాని వెనకే చర్మం రంగు పేరు కూడా చెబుతుంది. ఎవరైనా సంబరంగా ఎనిమిది చప్పట్లు వరసగా పెడితే ఎనిమిది సార్లు చప్పట్లు, ఎనిమిది సార్లు చర్మం రంగు. గ్రూపులో ఇరవైమంది అలా పెడితే అసలు కబురు దొరికేసరికి చాయ్ చల్లారిపోతుంది. రంగు మానమని అడగడం లేదు. ఒక్కటి పెట్టండి చాలు.

అన్నట్లు, బురుజు గారి వేలు రంగు ఆ గ్రూపులో నాలాంటివాడు ఉంటే మొదటే విని ఉండేవాడు. కళ్లద్దాలతో పనిలేదు.

గాజుల_చెయ్యి
ఇది నాకు తట్టనే లేదు. నేను మూడేసి పెడుతుంటాను. ఇక ఒకటే.

పెన్నా_ఒడ్డు
టవర్‌క్లాక్ గారూ, రెండు సంఖ్యలు అన్నారు కదా. మా దుకాణం నుంచి ఖాతాదారులకు ఎస్సెమ్మెస్‌లు పంపుతాం. రంగు వేలు పెడితే ఖర్చు పెరుగుతుందా?

టవర్‌క్లాక్_సాయంత్రం
చివర్లో పడితే పెరగవచ్చు. తెలుగు ఎస్సెమ్మెస్‌కు ఒక్కోదానికి 70 గడులు ఉంటాయి, అది దాటితే రెండో ఎస్సెమ్మెస్ ఖర్చు పడుతుంది. 'క' ఒక గడి, గుడి ఒక గడి. ఎమోజీ సంఖ్యలు పెద్దవి కాబట్టి పసుపు వేలికి రెండు గడులు, రంగు వేలికి నాలుగు కావాలి. కబురు 67 గడుల దగ్గర ముగిసిందనుకోండి. పసుపు వేలు పెడితే 69, ఒక్క ఎస్సెమ్మెస్‌లో సరిపోతుంది. రంగు వేలు పెడితే 71.

దీంతో నేను ఒకసారి దెబ్బతిన్నాను. అనంతపురంలో ఒక కోచింగ్ సెంటర్‌కు నోటీసుల యాప్ రాశాను. జాబితాలో ప్రతి నోటీసుకూ మొదటి 40 గడులే చూపించి మిగతాది కత్తిరించాను. లెక్క ఇలా ఉంటుంది.

```js
"👍🏿".length               // 4
"👍🏿".slice(0, 3)          // 👍 + �
"👍🏿".slice(0, 2)          // 👍
```

మూడో గడి దగ్గర తెగితే వేలు పక్కన ప్రశ్నార్థకం వస్తుంది, చూడగానే తప్పు తెలిసిపోతుంది. రెండో గడి దగ్గర తెగితేనే ప్రమాదం. ముదురు వేలు చక్కగా పసుపై కూర్చుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. అక్కడి టీచరమ్మ ఒకావిడ "నేను పెట్టిన రంగు నోటీసు తెరిస్తే ఉంది, జాబితాలో లేదు, ఎందుకు తీసేస్తున్నారు" అని అడిగేదాకా నాకు తెలియలేదు. అదే కత్తెర తెలుగును కూడా కత్తిరిస్తోంది, 'రేపు' అనే మాట చివర కొమ్ము పోయి 'రేప' అయింది. అప్పుడు కంటికి ఒకటిగా కనిపించేదాన్ని ఒకటిగానే లెక్కపెట్టే `Intl.Segmenter` వాడి సరిచేశాను. రెండు జబ్బులూ ఒకే మందుతో పోయాయి.

ఉగ్గాని_బజ్జి
ఇంతకీ రంగుకో సంఖ్య, వేలుకో సంఖ్య. మేనత్తకు ఏ సంఖ్యో?

కొండారెడ్డి_బురుజు
ఈ రోజు సంగతి చెబుతాను. చెల్లెలింటికి వెళ్లి అక్కడి నుంచే ఆవిడకు ఫోన్ చేశాను. మనవడి సంగతి చెప్పాను, గుణింతం కూడా చెప్పబోయాను కానీ ఆవిడ వినలేదు. "మా వాడు నల్లనివాడే, అందులో దాచేదేముంది, మీరు ముందుగా అడిగి ఉంటే సరిపోయేది" అంది. ఏమి అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు. కోపం పూర్తిగా పోయిందని మాత్రం అనుకోవడం లేదు. పెళ్లికొడుకు మాత్రం గ్రూపులో నా వేలు కింద నవ్వు బొమ్మ పెట్టాడు.

ఆ సంతోషంలో అందరికీ నమస్కారం పెట్టి ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు చూసుకుంటే అది 🙏🏿 అని వెళ్లింది.

పెన్నా_ఒడ్డు
అయ్యో, చెప్పడం మరిచాను. కీబోర్డు ఒక్కో బొమ్మకు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. వేలును మార్చారు, నమస్కారాన్ని మార్చలేదు. మీ మనవడు ఏయే చేతులతో ఆడాడో అన్నింటినీ నొక్కి చూడండి, చప్పట్లతో మొదలుపెట్టండి.